శేషం ఎక్కడికి పోతుంది? టైమర్లు, ప్రీస్కేలర్ల చుట్టూ సాగుతున్న వాదాల సమీక్ష

సెకనుకు కోటీ అరవై లక్షల సార్లు కొట్టుకునే క్లాక్ ఉంటే, ఒక సెకను కొలవడానికి చేయాల్సింది కోటీ అరవై లక్షలు లెక్కపెట్టడమే. కానీ చిన్న మైక్రోకంట్రోలర్లో ఉండే కౌంటరుకు అంత పొడుగు ఉండదు. ఎనిమిది బిట్ల కౌంటరు 255 తరవాత మళ్లీ సున్నాకు వచ్చేస్తుంది. పదహారు బిట్లదైతే 65,535 తరవాత. ఇలా చుట్టు తిరిగి సున్నాకు రావడమే ఓవర్‌ఫ్లో. 16 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద పదహారు బిట్ల కౌంటరు 4.096 మిల్లీసెకన్లకోసారి ఓవర్‌ఫ్లో అవుతుంది, సెకను ఎక్కడో దూరాన ఉండిపోతుంది. అందుకే క్లాక్‌కూ కౌంటరుకూ మధ్య ప్రీస్కేలర్ పెట్టారు. అది 8, 64, 256 లాంటి సంఖ్యతో భాగించి, అన్ని క్లాకులకు ఒక్క టిక్కును మాత్రమే కౌంటరుకు వదిలే చిన్న సర్క్యూట్.

పరికరం ఇంత సరళమైనా, దాన్ని వాడే తీరు మీద నలభై ఏళ్లకు పైగా వాదన నడుస్తోంది. కౌంటరులో ప్రతిసారీ కొత్త విలువ రాయాలా, హార్డ్‌వేరే సున్నా చేసుకోవాలా, అసలు కౌంటరును ముట్టుకోకూడదా? ఈ వాదన చిక్కుపడటానికి ఒక కారణం ఉంది. "టైమర్ తప్పుతోంది" అనే ఒకే ఫిర్యాదు కింద మూడు వేరువేరు తప్పులు కలిసిపోతున్నాయి. క్లాక్ భాగింపులో శేషం మిగలడం ఒకటి. ఓవర్‌ఫ్లోకూ దాన్ని పట్టించుకునే ప్రోగ్రాముకూ మధ్య టిక్కులు జారిపోవడం రెండోది. క్లాకే సరిగ్గా కొట్టుకోకపోవడం మూడోది. ఏ పద్ధతి మంచిదో తేల్చాలంటే, అది ఈ మూడింటిలో దేన్ని అరికడుతుందో ముందు అడగాలి.

## క్లాక్‌ను ఎంచుకోవడంతోనే సగం లెక్క తేలిపోతుంది

శేషం సమస్యను శుభ్రంగా తీర్చుకున్నవి చేతి గడియారాలు. 1969లో వచ్చిన సీకో ఆస్ట్రాన్‌లోని క్వార్ట్జ్ సెకనుకు 8,192 సార్లు కంపించేది. తరవాత పరిశ్రమ 32,768 దగ్గర స్థిరపడింది. రెండూ 2కు ఘాతాలే. పదిహేను ఫ్లిప్‌ఫ్లాపులను వరసగా కలిపితే 32,768 ఒకటికి దిగివస్తుంది, చిట్టచివర సున్నా మిగులుతుంది. ఇక్కడ క్రిస్టల్‌ను ఎంచుకున్నదే భాగించడం కోసం.

ఐబీఎం పీసీలో జరిగింది దీనికి పూర్తిగా తిరగబడిన కథ. దాని మూల క్లాక్ 14.31818 మెగాహెర్ట్జ్, అంటే అమెరికా టీవీల రంగు సంకేతపు పౌనఃపున్యానికి నాలుగు రెట్లు. టీవీ తెర కోసం ఎంచుకున్న ఆ సంఖ్యను పన్నెండుతో భాగించి ఇంటెల్ 8253 టైమరుకు ఇచ్చారు. వచ్చినది 1.193182 మెగాహెర్ట్జ్. పదహారు బిట్లు నిండటానికి దాదాపు 54.925 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి పీసీ టిక్ సెకనుకు సుమారు 18.2 సార్లు వచ్చేది. రోజు మారిందని తెలుసుకోవడానికి బయాస్ 15,73,040 టిక్కులు లెక్కపెట్టేది. ఏ రకంగానూ గుండ్రని సంఖ్య కాదది. శేషాన్ని హార్డ్‌వేర్ తీర్చకపోతే, సాఫ్ట్‌వేర్ ఇలాంటి వింత సంఖ్యలను మోయాల్సి వస్తుంది.

మన ఇంజనీరింగ్ కాలేజీల మైక్రోకంట్రోలర్ ల్యాబుల్లో తరతరాలు చేతులు కాల్చుకున్న 8051 ఈ రెండింటికీ మధ్య నిలుస్తుంది. 1980లో ఇంటెల్ తెచ్చిన ఈ చిప్‌లో మనం ఎంచుకోగల ప్రీస్కేలర్ లేదు. పన్నెండుతో భాగింపు దానికి పుట్టుకతో వచ్చినది. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే టిక్ సరిగ్గా ఒక మైక్రోసెకను, చూడముచ్చటగా ఉంటుంది. అయినా ఎక్కువ బోర్డుల మీద కనిపించేది 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టలే. కారణం సీరియల్ పోర్టు. 12 మెగాహెర్ట్జ్‌ను పన్నెండుతో, తరవాత ముప్పై రెండుతో భాగిస్తే 31,250 వస్తుంది. 9600 బాడ్ కావాలంటే దాన్ని ఇంకా 3.255తో భాగించాలి. టైమరుకు పూర్ణాంకమే తెలుసు కాబట్టి 3 పెడితే వేగం 10,417 అవుతుంది. ఎనిమిదిన్నర శాతం తేడా అన్నమాట, అక్షరాలు చెత్తగా వస్తాయి. 11.0592తో అయితే 28,800 వచ్చి మూడింట సరిగ్గా 9600 తెగుతుంది.

సీరియల్ పోర్టు కోసం చేసిన ఈ ఏర్పాటు ల్యాబు పుస్తకంలోని ఇంకో లెక్కను తలకిందులు చేస్తుంది. 50 మిల్లీసెకన్ల వ్యవధికి టైమరులో వేసే విలువ 12 మెగాహెర్ట్జ్ బోర్డుకు 3CB0, 11.0592 బోర్డుకు 4C00. మొదటిది 50,000 టిక్కులు, రెండోది 46,080. 3CB0ను చూసి రాసుకుని 11.0592 బోర్డులో వేస్తే వ్యవధి 54.25 మిల్లీసెకన్లు అవుతుంది. ఇరవై సార్లు లెక్కపెట్టి "ఒక సెకను" అనుకున్నది నిజానికి 1.085 సెకను. ఎల్ఈడీ మెరుపులో కంటికి ఇది తెలియదు. పది నిమిషాలు స్టాప్‌వాచ్ పక్కన పెడితే యాభై సెకన్ల తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

## ప్రీస్కేలర్ ఇచ్చేది, తీసుకునేది

ఇక్కణ్నుంచి ఒకే చిప్‌ను పట్టుకుని నడుద్దాం. ఆర్డినో ఊనో బోర్డులోని ఏటీమెగా 328పి, 16 మెగాహెర్ట్జ్, అందులోని పదహారు బిట్ల టైమర్ 1. దీనికి ఐదు ప్రీస్కేలర్ విలువలున్నాయి.

| ప్రీస్కేలర్ | ఒక టిక్ (మైక్రోసెకన్లు) | ఓవర్‌ఫ్లో (మిల్లీసెకన్లు) | సెకనుకు టిక్కులు |
|---|---|---|---|
| 1 | 0.0625 | 4.096 | 1,60,00,000 |
| 8 | 0.5 | 32.768 | 20,00,000 |
| 64 | 4 | 262.144 | 2,50,000 |
| 256 | 16 | 1048.576 | 62,500 |
| 1024 | 64 | 4194.304 | 15,625 |

పట్టిక చెప్పే మొదటి సంగతి అందరికీ తెలిసిందే. కొలత ఎంత సన్నగా కావాలంటే అంత తొందరగా కౌంటరు నిండిపోతుంది. ఒక సెకనును ఒకే ఓవర్‌ఫ్లో లోపల కొలవాలంటే 256 లేదా 1024 మాత్రమే పనికొస్తాయి. అదృష్టం కొద్దీ రెండింటిలోనూ శేషం లేదు.

రెండో సంగతిని పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. కౌంటరు సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 62,500 టిక్కులకు పోల్చే విలువ 62,499 అవ్వాలి. ఒకటి తీసేయడం మరిచిపోతే ఎంత నష్టమన్నది ప్రీస్కేలర్‌ను బట్టి ఉంటుంది. 62,500లో ఒకటి పెరిగితే రోజుకు 1.38 సెకన్లు. 15,625లో ఒకటి పెరిగితే 5.53 సెకన్లు. ఒక మిల్లీసెకను కోసం 64తో భాగించి 250 టిక్కులు లెక్కపెట్టేచోట అదే పొరపాటు చేస్తే రోజుకు 345 సెకన్లు, దాదాపు ఆరు నిమిషాలు. కౌంటరు వరకు వచ్చే సంఖ్య ఎంత చిన్నదైతే ఒక టిక్ విలువ అంత పెద్దది. సన్నని టిక్ అవసరం లేకపోయినా, కౌంటరులో పట్టినంత మేర చిన్న ప్రీస్కేలర్‌నే వాడమనడానికి నా దృష్టిలో గట్టి కారణం ఇదే.

ఎస్‌టీఎం32 చిప్పులు వచ్చాక ఈ చిక్కు ఒక రకంగా తీరింది, ఇంకో రకంగా పెరిగింది. వాటిలో ప్రీస్కేలర్ కూడా పదహారు బిట్లది, 1 నుంచి 65,536 దాకా ఏ సంఖ్యతోనైనా భాగిస్తుంది. కానీ ఒకటి తీసేయాల్సిన చోట్లు రెండయ్యాయి. 72 మెగాహెర్ట్జ్ మీద ప్రీస్కేలర్‌లో 7199, కౌంటరు గరిష్ఠంలో 9999 వేస్తే సెకను సరిగ్గా వస్తుంది. మొదటిదాన్ని 7200 అని వేస్తే రోజుకు పన్నెండు సెకన్లు వెనకబడుతుంది. పైగా ఈ చిప్పుల్లో ప్రీస్కేలర్‌కు రాసిన విలువ వెంటనే పనిచేయదు, తరవాతి అప్‌డేట్ దాకా పక్కన వేచి ఉంటుంది. మొదటి వ్యవధి ఒక్కటే అడ్డదిడ్డంగా వచ్చి మిగతావన్నీ సరిగ్గా ఉంటే అనుమానించాల్సింది దీన్నే.

## మొదటి వర్గం: ప్రతిసారీ నింపేవారు

ఓవర్‌ఫ్లో మాత్రమే ఇంటరప్ట్ ఇవ్వగల పాత టైమర్లతో మొదలైన అలవాటు ఇది. కావలసిన టిక్కులను 65,536 లోంచి తీసేసి, మిగిలిన విలువను కౌంటరులో వేస్తారు. ఓవర్‌ఫ్లో రాగానే మళ్లీ వేస్తారు. 3CB0 కథ అంతా ఇదే.

ఓవర్‌ఫ్లో జరిగాక కూడా కౌంటరు ఆగదు, అసలు లోపం అక్కడుంది. 8051 ఇంటరప్ట్‌కు స్పందించడానికే మూడు నుంచి ఎనిమిది మెషిన్ సైకిళ్లు పడుతుంది. ఆ తరవాత గెంతి, రెండు బైట్లు రాయాలి. ఈలోపు పది మైక్రోసెకన్లు పోయాయనుకుందాం. కొత్త విలువ రాసినప్పుడల్లా ఆ పదీ చెరిగిపోతాయి. 50,000లో పది అంటే రోజుకు పదిహేడు సెకన్లు. ఇంతకంటే ఇబ్బందికరమైన విషయం, ఆ పది ఎప్పుడూ పదే కాదు. ఇంకో ఇంటరప్ట్ నడుస్తుంటే ముప్పై కావచ్చు. అందుకే దిద్దుబాటు సంఖ్య ఒకటి కనిపెట్టి కలుపుకుందామన్నా కుదరదు.

ఈ వర్గాన్ని తీసిపారేసేవారు ఒక విషయం మరిచిపోతారు. ఏటీమెగాలో 256 ప్రీస్కేలర్‌తో ఇదే పద్ధతి వాడితే నష్టం సున్నా. ఓవర్‌ఫ్లో తరవాత తరవాతి టిక్ రావడానికి 16 మైక్రోసెకన్లు ఉంది. ఆలోగా 3036 రాసేస్తే ఏమీ పోదు, ఎందుకంటే కౌంటరులో రాసినంత మాత్రాన ప్రీస్కేలర్ లోపలి లెక్క చెరగదు. అదే ప్రోగ్రామును మిడ్‌రేంజ్ పిక్ చిప్‌కు తరలిస్తే గడియారం మందగిస్తుంది. అక్కడ TMR0లో ఏది రాసినా ప్రీస్కేలర్ కూడా సున్నా అయిపోతుంది. ఒక చిప్‌లో నిరపాయమైనది ఇంకో చిప్‌లో తప్పవుతుంది. "నేను ఏళ్లుగా వాడుతున్నాను, ఎప్పుడూ తేడా రాలేదు" అన్నవాళ్లూ, "ఇది ఎప్పుడూ తప్పే" అన్నవాళ్లూ తమతమ చిప్పుల వరకు నిజమే చెబుతున్నారు.

## రెండో వర్గం: హార్డ్‌వేర్‌కే వదిలేవారు

పోల్చే రిజిస్టరులోని విలువను కౌంటరు చేరగానే, ప్రోగ్రాము ప్రమేయం లేకుండా కౌంటరు తానే సున్నా అవుతుంది. ఏటీమెగాలో దీని పేరు సీటీసీ, ఎస్‌టీఎం32లో ఆటో రీలోడ్. 8051లోనూ ఈ ఆలోచన ఉంది, కాకపోతే రెండో మోడ్‌లో ఎనిమిది బిట్ల వరకే. పదహారు బిట్ల ఆటో రీలోడ్ 8052లో టైమర్ 2 వచ్చాకే దక్కింది.

ఈ పద్ధతిలో ఇంటరప్ట్ ఆలస్యమైతే ఆ ఒక్క పనే ఆలస్యమవుతుంది. తరవాతి వ్యవధి ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలవుతుంది, ఆలస్యాలు పోగుపడవు. జారిపోయే టిక్కుల తప్పును ఇది వేళ్లతో సహా పీకేస్తుంది. అందుకే ఇప్పుడు ఎక్కువమంది మొదట చెప్పేది ఇదే.

కానీ వ్యవధిని నడుస్తుండగా మార్చాల్సి వస్తే ఒక గుంట ఉంది. ఏటీమెగా సీటీసీ మోడ్‌లో OCR1Aకు రాసిన విలువ తక్షణమే అమలవుతుంది. కౌంటరు అప్పటికి 5,000లో ఉండగా 3,000 రాస్తే, కౌంటరు ఇక 3,000ను కలవదు. 65,535 దాకా పోయి చుట్టు తిరిగి రావాలి. ఆసిలోస్కోప్‌లో ఎప్పుడో ఒక్కసారి ఒక్క పల్స్ మాత్రం విపరీతంగా సాగి కనిపిస్తుంది, మోటారు అయితే ఒక్కసారి తడబడుతుంది. ఇంకో పరిమితి ఏమిటంటే, కౌంటరు ఒకే వ్యవధికి అంకితమైపోతుంది. 3 మిల్లీసెకన్లకో పని, 7 మిల్లీసెకన్లకో పని ఉంటే రెండు టైమర్లు కావాలి, లేదా చిన్న టిక్ మీద సాఫ్ట్‌వేర్‌లో లెక్కపెట్టుకోవాలి.

## మూడో వర్గం: కౌంటరును ముట్టుకోనివారు

ఈ ఆలోచన అత్యంత కఠినంగా కనిపించేది 1980ల మోటరోలా 68హెచ్‌సీ11లో. కార్ల ఇంజిన్ నియంత్రణలో విరివిగా వాడిన చిప్ అది. దాని పదహారు బిట్ల కౌంటరును మామూలు మోడ్‌లో చదవడమే, రాయడం కుదరదు. ప్రీస్కేలర్‌ను కూడా రీసెట్ తరవాత మొదటి 64 సైకిళ్ల లోపలే ఎంచుకోవాలి, ఆపై తాళం పడిపోతుంది. కాలం దానంతట అది ప్రవహిస్తుంటే, దాని మీద పోల్చే రిజిస్టర్లు ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకుంటాయి. పనివేళ వచ్చినప్పుడు గుర్తును ముందుకు జరుపుతారు. ఏటీమెగాలో, ప్రీస్కేలర్ 8తో ఒక మిల్లీసెకనుకు ఇది ఇంతే:

```c
ISR(TIMER1_COMPA_vect) {
    OCR1A += 2000;
}
```

కూడిక పాత గుర్తు నుంచి జరుగుతోంది, ఇప్పటి కౌంటరు విలువ నుంచి కాదు. ఇంటరప్ట్ వంద టిక్కులు ఆలస్యంగా వచ్చినా తరవాతి గుర్తు సరైన చోటే పడుతుంది. మొత్తం 65,535 దాటితే పదహారు బిట్ల కూడిక దానంతటదే చుట్టు తిరుగుతుంది, కౌంటరూ అలాగే తిరుగుతుంది కనుక లెక్క చెడదు. ఆరంకెల స్కూటరు మీటరు మళ్లీ సున్నాకొచ్చినా, ప్రయాణించిన దూరం ఆరంకెల తీసివేతలో సరిగ్గానే తేలినట్టు. OCR1Bని వేరే సంఖ్యతో జరుపుకుంటూ పోతే అదే కౌంటరు మీద రెండో వ్యవధి నడుస్తుంది. నా మొగ్గు ఈ పద్ధతి వైపే. దీని బలహీనత మాత్రం దాచకూడదు. తరవాతి గుర్తును దాటిపోయేంతగా ఇంటరప్ట్ ఆలస్యమైతే, సీటీసీలో చూసినటువంటి పూర్తి చుట్టు ఆలస్యమే ఇక్కడా వస్తుంది. కొన్ని పదుల టిక్కుల వ్యవధులకు ఇది పనికిరాదు.

## పక్కపక్కన పెడితే

జారిపోయే టిక్కుల విషయంలో మొదటి వర్గం చిప్ దయ మీద, ప్రీస్కేలర్ పెద్దదనం మీద ఆధారపడుతుంది. మిగతా రెండూ సమస్యను నిర్మాణంలోనే తీసేస్తాయి. మారని ఒకే వ్యవధికి సీటీసీ, ఒక కౌంటరు మీద పలు వ్యవధులకు స్వేచ్ఛా కౌంటరు సరిపోతాయి. భాగింపు శేషాన్ని మాత్రం ఈ మూడింటిలో ఏదీ తీర్చదు. 16 మెగాహెర్ట్జ్ నుంచి 440 హెర్ట్జ్ స్వరం కావాలంటే 36,363.6 క్లాకులు అవసరం, ఏ వర్గంవారికైనా ఆ పాయింట్ ఆరు మిగులుతుంది.

మూడో తప్పును, అంటే క్లాక్ తప్పును, ఈ వాదనలో తరచూ మరిచిపోతారు. ఊనో బోర్డులో ఏటీమెగాను నడిపేది క్వార్ట్జ్ కాదు, సిరామిక్ రెసొనేటర్. అందులో అర శాతం తేడా ఉన్నా రోజుకు 432 సెకన్లు. చిప్ లోపలి ఆర్‌సీ ఆసిలేటర్‌కు ఫ్యాక్టరీ హామీ పది శాతం లోపు అనే. దాని మీద కూర్చుని 62,499 వేయాలా 62,500 వేయాలా అని తగువులాడటం వృథా. ఏ తప్పో విడదీయడం మాత్రం కష్టం కాదు. తేడా అన్ని బోర్డుల్లోనూ ఒకే నిష్పత్తిలో ఉంటే అంకగణితాన్ని అనుమానించాలి. బోర్డు మారితే, వేడెక్కితే మారుతుంటే క్లాక్‌ను. పని ఒత్తిడి పెరిగినప్పుడే పెరుగుతుంటే ఇంటరప్ట్ ఆలస్యాన్ని.

## ఇంకా తెగనివి

మొదటిది చదివే చిక్కు. ఓవర్‌ఫ్లోలను సాఫ్ట్‌వేర్‌లో లెక్కపెట్టి, కింద కౌంటరు విలువను జోడిస్తే పొడవైన గడియారం తయారవుతుంది. కానీ రెండూ ఒకే క్షణంలో చదవలేం. ఓవర్‌ఫ్లో అయి, ఇంటరప్ట్ ఇంకా నడవని క్షణంలో చదివితే కాలం ఒక చుట్టు వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది. ఆర్డినో `micros()` దీన్ని ఇలా తప్పిస్తుంది:

```c
m = timer0_overflow_count;
t = TCNT0;
if ((TIFR0 & _BV(TOV0)) && (t < 255)) m++;
```

ఇంటరప్టులు ఆపి, కౌంటరు చదివాక, ఓవర్‌ఫ్లో జెండా లేచి ఉందా అని చూస్తుంది. లేచి ఉంటే తనే ఒకటి కలుపుకుంటుంది. 255 షరతు ఎందుకంటే, t చదివినప్పుడు 255 ఉండి ఆ తరవాతే చుట్టు తిరిగి ఉండవచ్చు, అప్పుడు కలపకూడదు. పక్కా పని. అయినా జెండా ఒకటే కనుక, ఇంటరప్టులు ఒక చుట్టు కంటే ఎక్కువసేపు, అంటే 1.024 మిల్లీసెకన్లకు మించి ఆగితే రెండో ఓవర్‌ఫ్లో జాడ లేకుండా పోతుంది. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. వెడల్పాటి కౌంటరే మందు.

ఆ 1.024 కూడా ఒక తెగని వాదమే. టైమర్ 0ను 64తో భాగించి 250 దగ్గర ఆపితే సరిగ్గా ఒక మిల్లీసెకను వచ్చేది. ఆర్డినో రూపకర్తలు దాన్ని 256 దాకా పోనిచ్చారు, ఎందుకంటే అదే కౌంటరు రెండు పిన్నులకు 0 నుంచి 255 దాకా పీడబ్ల్యూఎం ఇవ్వాలి. మిగిలిన 24 మైక్రోసెకన్లను `millis()` ఒక పక్క పోగుచేసుకుంటూ, దాదాపు 42 ఓవర్‌ఫ్లోలకోసారి ఒక మిల్లీసెకను అదనంగా కలుపుతుంది. మొత్తం లెక్క తప్పదు, కానీ కొన్ని సంఖ్యలు అసలు రావు. `millis() % 1000 == 0` అని రాసినవారి ప్రోగ్రాము అప్పుడప్పుడు ఒక సెకనును మింగేయడానికి కారణం ఇదే. ఈ రాజీ సరైనదేనా అన్నదానికి టైమరును గడియారంగా చూసేవారు ఒకటి, పిన్నులు ఆడించే యంత్రంగా చూసేవారు మరొకటి చెబుతారు.

మూడోది బ్యాటరీ పరికరాలది. క్రమం తప్పని టిక్ చిప్‌ను నిద్రపోనివ్వదు. లైనక్స్ 2007లో 2.6.21తో టిక్ లేని పద్ధతికి దారి తెరిచింది, చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఆ బాట పట్టాయి. అయితే ఏఆర్‌ఎం కార్టెక్స్ చిప్పుల్లోని సిస్‌టిక్ 24 బిట్లదే, 72 మెగాహెర్ట్జ్ మీద 0.233 సెకనుకే నిండిపోతుంది. నిద్రకోసం దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ కొన్ని టిక్కులు జారుతాయి. మొదటి వర్గపు పాత జబ్బు కొత్త చోట తిరిగొచ్చిందన్నమాట. నిద్రలోనూ నడిచే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ మీదికి కాలాన్ని మార్చితే ఇది పోతుంది. కానీ ఒక మిల్లీసెకనుకు 32.768 టిక్కులు కావాలి, శేషం మళ్లీ ఎదురవుతుంది. కొందరు టిక్‌ను సెకనుకు 1024కు మార్చి, శేషాన్ని ప్రోగ్రాములు రాసేవారికి వదిలేశారు. ఇంకొందరు పోల్చే గుర్తును ఒకసారి 33, ఒకసారి 32 చొప్పున జరుపుతారు. ప్రతి 125 మిల్లీసెకన్లలో 96 సార్లు 33, 29 సార్లు 32 సమంగా పంచి వేస్తే సరిగ్గా 4,096 టిక్కులు. ఏ ఒక్క మిల్లీసెకనూ సరిగ్గా ఉండదు, తేడా మాత్రం ఒక టిక్‌కు, అంటే 30.5 మైక్రోసెకన్లకు, ఎన్నడూ మించదు.